ఉద్యోగం అప్లికేషన్‌లో ఎమోజీ పెట్టొచ్చా? ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసేయాలి

భీమవరంలో మాదొక చిన్న నెట్ సెంటర్. జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, రెజ్యూమె టైపింగ్ చేస్తాం. డిగ్రీ ఫలితాలు వచ్చాయంటే చాలు, ఒకటే మాట వినబడుతుంది: "బాబాయ్, ఫోన్ నంబర్ పక్కన ఆ చిన్న ఫోన్ బొమ్మ పెట్టవా?" "లింక్డ్‌ఇన్‌లో పేరు కింద రాకెట్ పెట్టుకోనా?" "కవర్ లెటర్ చివర దణ్ణం పెడితే మర్యాదగా ఉంటుంది కదా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. రెజ్యూమెలో వద్దు. కవర్ లెటర్‌లో వద్దు. లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్‌లో ఉండి తీరాలనుకుంటే ఒక్కటి, అదీ చివర, మాటకు బదులుగా మాత్రం కాదు. ఎందుకని అడిగేవాళ్లకు కారణాలు ఎక్కడికక్కడ చెబుతాను. అసలు పని మాత్రం ఇప్పటికే ఉన్నవాటిని వెతికి తీయడం. చాలామందికి తమ రెజ్యూమెలో ఎమోజీ ఉందన్న సంగతే తెలియదు.

కావలసినవి

మీ రెజ్యూమె వర్డ్ ఫైలు, దాని పీడీఎఫ్. విండోస్ ఉన్న కంప్యూటర్ ఒక పావుగంట. మీది కాని ఇంకో ఫోన్ ఒకటి, పాతదైతే మరీ మంచిది. నాన్నగారిదో, తాతయ్యదో సరిపోతుంది.

1. ఎక్కడెక్కడ దాక్కున్నాయో చూడండి

పసుపు రంగు ముఖాలు మాత్రమే ఎమోజీలనుకుంటే సగం మిగిలిపోతాయి. నా దగ్గరకొచ్చే రెజ్యూమెల్లో మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది, ఫోన్ కీబోర్డు నుంచి పెట్టిన అసలు ఎమోజీ. 📞, 📧, 🎓 లాంటివి. రెండోది, వర్డ్‌లో వింగ్‌డింగ్స్ అనే ఫాంట్‌తో పెట్టిన బొమ్మ. పాత డీటీపీ సెంటర్లలో చేయించుకున్నవాటిలో ఇది ఎక్కువ. మూడోది, ఇంటర్నెట్‌లో దొరికే రంగురంగుల టెంప్లేట్లలో ముందే అతికించి వచ్చే ఐకాన్. "Excel ★★★★☆" అని చుక్కలు పెట్టేది కూడా ఇదే బాపతు. ఆ నాలుగు చుక్కలు ఎవరిచ్చారని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి జవాబుండదు.

రెజ్యూమె బయట కూడా చూడండి. ఫైలు పేరులో ఏముంది? మీ జీమెయిల్‌లో పేరు ఎలా ఉంది? పదో తరగతిలో పెట్టుకున్న పేరు, పక్కన మంట బొమ్మ, అలాగే ఉండిపోయి ఉంటుంది. మీరు ఎంత పద్ధతిగా కవర్ లెటర్ రాసినా, అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లో ముందు కనబడేది ఆ మంటే. మన వైపు రొయ్యల ప్లాంట్లు, ఫీడ్ డీలర్లు, హేచరీల్లో ఉద్యోగాలకు రెజ్యూమె వాట్సాప్‌లోనే పంపించమంటారు. మీ నంబర్ సేవ్ చేసుకోని మేనేజరుకు మీరు వాట్సాప్‌లో పెట్టుకున్న పేరే కనిపిస్తుంది. అక్కడ కిరీటం, సింహం ఉంటే తీసేయండి. ఉద్యోగం వచ్చాక మళ్లీ పెట్టుకోవచ్చు.

2. నోట్‌ప్యాడ్ పరీక్ష చేయండి

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పెద్ద కంపెనీకి అప్లై చేస్తే, చాలా చోట్ల మీ పీడీఎఫ్‌ను మొదట చదివేది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. అది మీ డిజైన్‌ని, రంగుల్ని చూడదు. లోపలి అక్షరాలు లాక్కుని పేరు, ఫోన్, చదువు, అనుభవం అని గళ్లలో వేసుకుంటుంది. ఆ అక్షరాలు ఎలా వస్తాయో మీరే చూసుకోవచ్చు.

పీడీఎఫ్ తెరిచి ఈ వరసలో చేయండి:

```
Ctrl+A
Ctrl+C
Notepad: Ctrl+V
File > Save as > Encoding: ANSI
```

సేవ్ చేసేటప్పుడు కొన్ని అక్షరాలు పోతాయని నోట్‌ప్యాడ్ హెచ్చరిస్తుంది. పర్వాలేదు, ఓకే కొట్టండి. ఫైలు మూసి మళ్లీ తెరవండి. ఎమోజీ ఉన్నచోటల్లా ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి.

సేవ్ చేయకుండా అతికించి వదిలేయడం అందరూ చేసే తప్పు. ఇప్పటి నోట్‌ప్యాడ్ ఎమోజీలను చక్కగానే చూపిస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు. ఆ ఏఎన్‌ఎస్‌ఐ పద్ధతిలో ఎమోజీలకు చోటు లేదు. పాత సాఫ్ట్‌వేర్ చేతిలో పడితే మీ రెజ్యూమె ఎలా తేలుతుందో అందులో తెలుస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్లు ఎమోజీని తట్టుకోవచ్చు. అయితే అవతల ఏది ఉందో మీకు తెలియదు కదా. ఒక్క మాట, రెజ్యూమెలో తెలుగు లిపిలో రాసినవి ఉంటే అవీ ప్రశ్నార్థకాలవుతాయి. అది ఈ పరీక్ష స్వభావం, కంగారు పడొద్దు.

ఇప్పుడు మూడు విషయాలు చూడండి.

ఫోన్ నంబరుకు ముందు ఏముంది? వింగ్‌డింగ్స్‌తో పెట్టిన ఫోన్ బొమ్మ నిజానికి ఎడమ బ్రాకెట్ గుర్తు. కవరు బొమ్మ నిజానికి నక్షత్రం గుర్తు. ఫాంట్ తొడుగు తీసేస్తే అవే బయటపడతాయి, లేకపోతే ఖాళీ డబ్బానో, ప్రశ్నార్థకమో వస్తుంది. నంబరుకు, మెయిల్‌కు అలాంటివి అంటుకుంటే సాఫ్ట్‌వేర్ వాటిని సరిగ్గా గుర్తుపట్టకపోవచ్చు.

బొమ్మ పోయాక ఆ పక్కన మాట మిగిలిందా? "📍 Palakollu" అని రాసుకుంటే ప్రశ్నార్థకం పక్కన Palakollu మిగులుతుంది. అది ఊరో, ఇంటి పేరో, కాలేజీయో చదివేదానికి ఎలా తెలుస్తుంది?

అసలు ఏమీ అతకలేదా? అయితే మీ పీడీఎఫ్ ఒక ఫోటో. ప్రింటు తీసి స్కాన్ చేసి పంపుతున్నారన్నమాట. ఎమోజీ గొడవ కంటే ఇది పెద్ద గొడవ. సంతకం కోసమో, అటెస్టేషన్ కోసమో స్కాన్ చేసి, అదే ఫైలును అన్నిచోట్లకీ పంపేవాళ్లను వారానికి ఒకరినైనా చూస్తాను. వర్డ్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా సేవ్ చేయండి.

కంప్యూటర్ దొరకకపోతే, ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి అక్షరాల మీద నొక్కిపట్టి కాపీ చేసి, మామూలు మెసేజ్‌లో అతికించి చూడండి. పూర్తి పరీక్ష కాకపోయినా ఖాళీ డబ్బాలు ఉంటే బయటపడతాయి.

3. బొమ్మ తీసి మాట పెట్టండి

ఇది అయిదు నిమిషాల పని. ఫోన్ బొమ్మ చోట `Phone:`, కవరు చోట `Email:`, పిన్ను చోట ఊరు, జిల్లా. టోపీ బొమ్మ ఉన్నచోట `Education`. చుక్కల బదులు ఆ పనితో ఏం చేశారో ఒక వాక్యం. బుల్లెట్లుగా ✅, 👉 వాడితే వాటిని చెరిపేసి, వర్డ్‌లో ఉండే మామూలు గుండ్రని బుల్లెట్ పెట్టండి. తర్వాత రెండో అంచె మళ్లీ చేయండి. ప్రశ్నార్థకం కనిపించినంతసేపూ పని అయిపోలేదు. మామూలు బుల్లెట్, సన్నగీత మాత్రం అక్కడ కాస్త మారినా నష్టం లేదు.

4. లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్: ఒక ఉదాహరణ

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎమోజీకి చోటుంటే గింటే ఇక్కడే.

నరసాపురం వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. బీఎస్సీ మైక్రోబయాలజీ. ఏడాదిగా ఒక ఆక్వా ల్యాబ్‌లో పని. రైతులు తెచ్చే రొయ్య పిల్లలకు పీసీఆర్ పరీక్ష చేసి వైట్ స్పాట్, ఈహెచ్‌పీ జబ్బులు ఉన్నాయో లేదో చెప్పడం, ల్యాబ్ ప్లేట్ల మీద విబ్రియో బాక్టీరియాను లెక్కపెట్టడం వాడి రోజువారీ పని. ఇంతకంటే మంచి ల్యాబ్‌కు మారాలని చూస్తున్నాడు. హెడ్‌లైన్ మాత్రం ఇలా ఉంది:

```
🦐 Aqua Lover | 🔬🧪 Lab Guy | 🚀 Dream Big | 💯 Hard Worker 🙏
```

"ఇందులో నువ్వేం చేస్తావో ఎక్కడుంది?" అన్నాను. "ఉంది కదండీ, మైక్రోస్కోపు" అన్నాడు.

అదే పొరపాటు. మనిషి కావాలనుకున్నవాళ్లు వెతికే పెట్టెలో మైక్రోస్కోపు బొమ్మ పెట్టరు, `PCR` అని కొడతారు. ఆ మూడక్షరాలు వాడి హెడ్‌లైన్‌లో లేవు. ఏడాదిగా రోజూ చేస్తున్న పని పేరే రాయలేదు. పైగా హెడ్‌లైన్‌కు 220 అక్షరాల చోటున్నా, వెతుకులాటలోనూ కామెంట్ల పక్కనా ముందు భాగమే కనబడి మిగతాది తెగిపోతుంది. ఆ ముందు చోటంతా రొయ్య, "లవర్" తినేశాయి.

ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం:

```
PCR Lab Technician | Shrimp Disease Testing (WSSV, EHP) | B.Sc. Microbiology | Bhimavaram
```

తొంభై అక్షరాల లోపే. ముందు పని పేరు, తర్వాత ఆ పనిలో ఏం వచ్చో, తర్వాత చదువు, చివర ఊరు. ఈ వరస చాలా ఉద్యోగాలకు సరిపోతుంది. డబ్ల్యూఎస్‌ఎస్‌వీ అంటే మన చెరువుగట్టు మీద అనే వైట్ స్పాటే. ల్యాబ్ వాళ్లు ఆ అక్షరాలతోనే వెతుకుతారు కాబట్టి అలా రాశాం.

అబ్బాయి ముఖం చిన్నబోయింది. "రొయ్య ఒక్కటైనా ఉంచండి బాబాయ్" అన్నాడు. చివర, భీమవరం తర్వాత ఉంచుకోమన్నాను. ఆ బొమ్మ కనబడకపోయినా, పోయినా హెడ్‌లైన్‌లో ఒక్క మాటా తగ్గదు. నేను చూసే కొలత అంతే: ఎమోజీని చెరిపేసి చదవండి. అర్థం మారకపోతే, చివరన ఒకటి ఉండనివ్వచ్చు. అర్థం పోతే అక్కడ మాట పెట్టాలి.

ఆ ఒక్కటీ ఏదైతే బాగుంటుంది? వస్తువును చూపించేదైతే పర్వాలేదు. రొయ్య, వరి కంకి, కెమెరా లాంటివి. 🔥, 💯, 🚀 మీ గురించి మీరే చప్పట్లు కొట్టుకున్నట్టు ఉంటాయి. బ్యాంకు, ఆడిటర్ ఆఫీసు, ఆస్పత్రి, టీచరు ఉద్యోగాలకైతే ఆ ఒక్కటీ వద్దు. "ఉద్యోగం చూస్తున్నాను" అని చెప్పడానికి బొమ్మలు వెతక్కండి, ఫోటో చుట్టూ ఆకుపచ్చ చట్రం పెట్టుకునే ఏర్పాటు లింక్డ్‌ఇన్‌లోనే ఉంది. ఇప్పుడు పనిచేస్తున్న చోట తెలియకూడదనుకుంటే ఆ సంగతి రిక్రూటర్లకు మాత్రమే కనబడేలా పెట్టుకోవచ్చు. దాన్ని కూడా పూర్తి రహస్యమనుకోకండి.

నౌక్రీ లాంటి ఉద్యోగాల సైట్లలో హెడ్‌లైన్ ఉన్నదే వెతకడానికి. అక్కడ రొయ్య కూడా వద్దు.

5. హెడ్‌లైన్‌ను చెవితోనూ, పాత ఫోన్‌తోనూ పరీక్షించండి

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. చూపు లేనివాళ్లు వాడే సదుపాయం అది, తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. జాగ్రత్త, ఆన్ చేశాక ఒక్కసారి తాకితే ఎంచుకుంటుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. ఆఫ్ చేయడం ఎలాగో ముందే చూసుకోండి. నేను మొదటిసారి ఆఫ్ చేయలేక పది నిమిషాలు అవస్థ పడ్డాను.

అబ్బాయి పాత హెడ్‌లైన్‌ను అలా వినిపించాను. "ష్రింప్, ఆక్వా లవర్, మైక్రోస్కోప్, టెస్ట్ ట్యూబ్, ల్యాబ్ గయ్, రాకెట్..." ఈ ధోరణిలో సాగింది. వాడే నవ్వాడు. అవతల రెజ్యూమె చూసేవాళ్లలో ఈ సదుపాయం వాడేవాళ్లు ఉంటే వాళ్లకు మీరు వినబడేది ఇలాగే.

తర్వాత పాత ఫోన్‌లో మీ ప్రొఫైల్ తెరవండి. ఎమోజీలు ఏటా కొత్తవి వస్తుంటాయి, పాత ఫోన్లకు అవి తెలియక డబ్బా చూపిస్తాయి. కొన్ని ఎమోజీలు చూడటానికి ఒకటే గానీ లోపల రెండు కలిపి కుట్టినవి. 👩‍💻 అలాంటిదే: ఒక అమ్మాయి, ఒక ల్యాప్‌టాప్, మధ్యలో కనబడని అతుకు. ఆ అతుకు తెలియని ఫోన్‌లో అమ్మాయి వేరు, ల్యాప్‌టాప్ వేరుగా తేలతాయి.

6. కవర్ లెటర్, మెయిల్

ఇక్కడ నా సొంత గోల ఒకటి చెప్పాలి. సెంటర్ పెట్టక ముందు నేనూ ఉద్యోగాలకు తిరిగినవాణ్ణే. ఒక కంపెనీకి అవుట్‌లుక్‌లో మెయిల్ రాస్తూ, చివర కోలన్, బ్రాకెట్ కొట్టి నవ్వు ముఖం పెట్టాను. నా తెర మీద చక్కగా నవ్వింది. వాళ్లు ఫోన్ చేసి, "మీ లెటర్ చివర జె అని ఉందేంటండీ, అది ఎవరు?" అని అడిగారు. నా పేరులో జె అక్షరమే లేదు. తర్వాత తెలిసింది, అవుట్‌లుక్ ఆ రెండు గుర్తులనూ వింగ్‌డింగ్స్ నవ్వు ముఖంగా మార్చేస్తుంది, ఆ ఫాంట్‌లో నవ్వు ముఖం అంటే పెద్ద `J` అక్షరమే. అవతల ఆ ఫాంట్ అందకపోతే ఉత్త జె మిగులుతుంది. ఇప్పటికీ అలా మార్చే అవుట్‌లుక్‌లు ఉన్నాయి. మారిన వెంటనే `Ctrl+Z` నొక్కితే మామూలు గుర్తులు తిరిగొస్తాయి, వాటినీ చెరిపేయండి.

సరిగ్గా కనబడినా లాభం లేదు. 2017లో ఇజ్రాయెల్, నెదర్లాండ్స్ పరిశోధకులు కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. ముఖపరిచయం లేనివాళ్లు పంపే ఆఫీసు మెయిల్‌లో నవ్వు ముఖం పెడితే, రాసినవాళ్లు స్నేహంగా అనిపించడం పెరగలేదు గానీ, పని తెలిసినవాళ్లనే అభిప్రాయం మాత్రం తగ్గింది. కవర్ లెటర్ సరిగ్గా అలాంటి చోటే: ముఖం తెలియదు, మొదటి పలకరింపు.

ఇక దణ్ణం సంగతి. 🙏 పెట్టడం మనవాళ్లకు అలవాటు. పెద్దవాళ్లకు మెసేజ్ పెట్టి అది లేకుండా వదిలేస్తే ఏదో వెలితిగా ఉంటుంది, నాకూ అంతే. అయినా కవర్ లెటర్‌లో ఆ పని మాటతోనే చేయండి. ఇంగ్లిష్ లెటర్ అయితే మొదట `Dear Sir/Madam`, చివర `Regards`, కింద పేరు, ఫోన్. తెలుగులో రాస్తే "నమస్కారం అండి" అని మొదలుపెట్టండి. చేతులు జోడించిన బొమ్మను కొందరు వేడుకోలుగా చదువుతారు. ఉద్యోగం అడుగుతూ రెండు మూడు దణ్ణాలు వరుసగా పెడితే, "ఎలాగైనా ఇప్పించండి" అన్నట్టే ఉంటుంది.

7. వాట్సాప్‌లో జవాబిచ్చేటప్పుడు

"రేపు పదింటికి ఇంటర్వ్యూ, తణుకు ఆఫీసుకు రండి" అని మెసేజ్ వచ్చింది. మీరు 👍 కొట్టి ఊరుకున్నారు. అవతలివాళ్లకు అది "చూశాను" అనా, "వస్తాను" అనా? ఇలా రాయండి:

"నమస్కారం సర్. రేపు ఉదయం పది గంటలకు తణుకు ఆఫీసుకు వస్తాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకువస్తాను."

దీని చివర ఒక 🙏 ఉంటే నేను తప్పుపట్టను. వాట్సాప్‌లో మన వైపు అది మర్యాదే, పైగా విషయమంతా మాటల్లో ఉంది. అవతలివాళ్లు బొమ్మలు పెట్టారని మీరూ వరస కట్టడం మాత్రం వద్దు.

ఎమోజీయే పని అయితే?

ఆత్రేయపురం పూతరేకుల షాపు ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసుకునే ఉద్యోగమో, నరసాపురం లేసు అమ్మేవాళ్ల దగ్గర సోషల్ మీడియా పనో అనుకోండి. అక్కడ ఎమోజీ వాడటం తెలిసి ఉండాలి, నిజమే. అది మీరు చేసిన పోస్టుల్లో చూపించండి. మూడు నాలుగు పోస్టుల లింకులు రెజ్యూమెలో పెట్టండి. రెజ్యూమె, కవర్ లెటర్ మాత్రం అప్పుడూ ఉత్త మాటలే. లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్‌లో ఇలాంటివాళ్లకు రెండున్నా నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను.

ఇప్పటికే పంపేశారా?

ఈ ప్రశ్న సాధారణంగా రాత్రి పదకొండింటికి వస్తుంది, టెన్షన్‌తో. లింక్డ్‌ఇన్‌లో అయితే మార్చుకోండి, ఎవరికీ చెప్పక్కర్లేదు. మార్చేటప్పుడు మీ నెట్‌వర్క్‌కు తెలియజేసే స్విచ్ కనబడితే ఆఫ్‌లో ఉంచండి. ఉద్యోగాల సైట్లలో పాత రెజ్యూమె తీసి కొత్తది ఎక్కించండి.

మెయిల్‌లో పంపినదైతే ముందు నోట్‌ప్యాడ్ పరీక్ష చేసి చూడండి. పేరు, ఫోన్, మెయిల్ సరిగ్గా వచ్చి, ఎక్కడో ఒక బొమ్మ మాత్రమే ప్రశ్నార్థకం అయితే వదిలేయండి. క్షమాపణ మెయిల్ పంపితే, వాళ్లు గమనించని తప్పును మీరే చూపించినట్టవుతుంది. ఫోన్ నంబరో, మెయిలో చెడిపోతే, లేదా అసలు అక్షరాలే రాకపోతే, కొత్త ఫైలు జతచేసి అదే మెయిల్‌కు ఒక్కసారి ఇలా పంపండి:

```
Please find my updated resume attached. Kindly consider this version.
```

ఫైలు పేరులో మీ పేరు, ఉద్యోగం పేరు ఉండాలి. `final_final2_new.pdf` అని పంపేవాళ్ల గురించి ఇంకోసారి చెబుతాను, షాపుకు జనం వచ్చారు.